పగలు వద్దంటాడు, రాత్రి వదలడు

ప్రసూతి సెలవు అయిపోయి ఉద్యోగంలో మళ్లీ చేరిన మొదటి వారంలో చాలా ఇళ్లలో ఒకటే తంతు. తల్లి పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరుతూ పిండిన పాలు మూడు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్లు. సాయంత్రం ఆరున్నరకు వచ్చి చూస్తే ఒక సీసానే ఖాళీ. రెండోదాంట్లో కొంచెం తగ్గింది. మూడోదాని మూత కూడా తీయలేదు. "ఉగ్గుగిన్నె నోటి దగ్గరకు తెస్తే చాలు, మొహం తిప్పేస్తున్నాడే. నీ పాలు వాడికి పడట్లేదేమో, డబ్బాపాలు మొదలెడదామా?" అంటుంది అమ్మమ్మ. ఆ రాత్రి వాడు తల్లిని పదకొండింటికి, ఒంటిగంటన్నరకు, మూడున్నరకు, అయిదింటికి లేపుతాడు. లేచిన ప్రతిసారీ కడుపునిండా తాగుతాడు.

దీన్నే వైద్యులు రివర్స్ సైక్లింగ్ అంటారు. పగలు తాగాల్సిన పాలలో ఎక్కువ భాగాన్ని బిడ్డ రాత్రికి మార్చుకోవడమన్నమాట. మన దగ్గర ఇది ఎక్కువగా అయిదారు నెలల వయసులో బయటపడటానికి ఒక కారణం సెలవు లెక్కే. 2017 సవరణతో తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. అందులో మూడు వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, తిరిగి చేరేనాటికి బిడ్డకు అయిదు నెలలు దాటి కొద్దిరోజులవుతాయి. ఆ వయసు పిల్లలకు లోకం మీద ధ్యాస ఎక్కువ. ఫ్యాను, కాకి, పక్కింటివాళ్ల మాట, ఏది కనిపించినా వినిపించినా పాలు వదిలి అటు చూస్తారు. ఇంట్లోనే ఉండే తల్లులకూ ఈ ఇబ్బంది ఉంటుంది. దానికి తోడు తల్లి ఒంటి వెచ్చదనం, వాసన లేకుండా వచ్చే పాలంటే కొందరికి అంత ఇష్టం ఉండదు. ఆకలి తీరడానికి సరిపడా నాలుగు గుటకలు వేసి, మిగతాది అమ్మ వచ్చేదాకా ఆపుకుంటారు.

అమ్మమ్మ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆవిడ లెక్క వేస్తున్నది పది గంటలకు. వేయాల్సింది ఇరవై నాలుగు గంటలకు. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్లు తాగుతాడు. కొందరికి 600 చాలు, కొందరు 900 దాకా పోతారు. మన బిడ్డ పగలు తాగింది 120. మిగిలిన 630 సాయంత్రం ఆరున్నర నుంచి పొద్దున ఎనిమిదిన్నర దాకా రావాలి. ఆ పద్నాలుగు గంటల్లో ఏడెనిమిది సార్లు రొమ్ము పట్టుకుంటే ఒక్కోసారికి 80, 90 చొప్పున పడుతుంది. అసాధ్యమేమీ కాదు. పైగా పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది.

రొమ్ము నుంచి ఎంత తాగాడో కొలవలేం కదా, మరి ఎలా తెలుస్తుంది? తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. రోజు మొత్తం మీద ఆరు, అంతకు మించి ఉండి, మూత్రం లేత రంగులో ఉంటే పాలు అందుతున్నట్టే. రెండో సాక్షి బరువు. నాలుగు, ఆరు నెలల మధ్య నెలకు సుమారు 400 గ్రాములు పెరగడం మామూలు. తల్లీబిడ్డల రక్షణ కార్డులోని ఎదుగుదల గీతలో బిడ్డ చుక్కలు తన దారినే పైకి పోతున్నాయా అన్నది చూడాలి. పక్కింటి పిల్లాడితో పోలిక అక్కర్లేదు. రోజంతా గుడ్డ పెద్దగా తడవకపోయినా, మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, నోరు ఎండినా, మాడు లోపలికి పోయినా, ఎప్పుడూ లేనంత నీరసంగా పడుకున్నా అది రివర్స్ సైక్లింగ్ అనుకుని ఊరుకోకూడదు. ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఎండాకాలమని ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టడం వల్ల లాభం లేదు. కడుపు నీళ్లతో నిండి పాలు ఇంకా తగ్గుతాయి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. వాడు వద్దంటున్నది ఇంకొకరి చేతినా, ఆ పాలనా? కొందరి పాలలో కొవ్వును విడగొట్టే ఎంజైము చురుగ్గా ఉంటుంది. అలాంటి పాలు నిల్వ ఉంచితే సబ్బు వాసన వేస్తాయి. చెడిపోయినట్టు కాదు కానీ కొందరు పిల్లలు ముట్టరు. అప్పుడే పిండిన పాలు అదే గిన్నెతో అదే అమ్మమ్మ పట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. అవి తాగితే తప్పు వాసనది. పిండిన వెంటనే అంచున చిన్న బుడగలు వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెడితే ఆ వాసన రాదు.

నిల్వ పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటాయి. బయట 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు. మన మే నెల మధ్యాహ్నాలకు ఆ లెక్క పనికిరాదు, పిండగానే చల్లబెట్టాల్సిందే. బిడ్డ ఎంగిలి చేసిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. అందుకే ఉగ్గుగిన్నెలోకి ఒక్కసారి 40 మిల్లీలీటర్లే వంచుకోవడం మంచిది. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టి గోరువెచ్చన చేస్తే చాలు, పొయ్యి మీద పెట్టనక్కర్లేదు.

బిడ్డ పగలు తాగట్లేదు కదా అని తల్లి ఆఫీసులో పిండటం మానేస్తే ఆమెకే ముప్పు. రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, పాలు గడ్డకడతాయి, జ్వరం వస్తుంది. రోజుకు రెండుసార్లయినా, కనీసం బరువు దిగేదాకా పిండాలి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విశ్రాంతి సమయం కాకుండా, పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు చట్టమే ఇచ్చింది. చాలామంది అడగరు. అడిగితే ఏమనుకుంటారో అని. ఇల్లో, క్రెష్షో దగ్గరలో ఉంటే అందులో ఒక విరామంలో బిడ్డకు నేరుగా పాలివ్వడం అన్నిటికన్నా పెద్ద మార్పు తెస్తుంది, పగటి ఆకలిలో ఒక పెద్ద ముక్క అక్కడే తీరిపోతుంది.

మిగతా సర్దుబాటు వేళలది. పొద్దున లేవగానే ఒకసారి, గుమ్మం దాటే ముందు ఇంకోసారి ఇవ్వాలి. సాయంత్రం తల్లి వచ్చే గంట ముందు నుంచి అమ్మమ్మ ఏమీ పట్టకూడదు, బిడ్డ ఆకలి మీదుండాలి. ఆరున్నరకు, ఎనిమిదికి, తొమ్మిదిన్నరకు వరసగా ఇచ్చి, తల్లి తను పడుకునే ముందు నిద్రలోనే ఇంకోసారి పట్టిస్తే ఒంటిగంటన్నర మెలకువ తప్పిపోవచ్చు. సెలవు రోజుల్లో మసక వెలుతురు గదిలో, ఫోను పక్కన పెట్టి, పగలు ఎక్కువసార్లు ఇవ్వాలి.

ఇంత చేసినా మారని పిల్లలున్నారు. నన్నడిగితే, బరువు పెరుగుతున్నంతవరకు వాడి గడియారంతో కుస్తీ పట్టడం కన్నా ఇంటిపనులు పంచుకోవడం తేలిక. రాత్రి గుడ్డ మార్చడం, త్రేన్పు తెప్పించడం తండ్రి చేయొచ్చు. తల్లి రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోవచ్చు, వంటిల్లు సర్దడం ఇంకొకరిది. నిద్రమత్తులో సోఫాలోనో, కుర్చీలోనో కూర్చుని పాలివ్వడం మాత్రం వద్దు, అక్కడ కునుకు పడితే బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. అంత నిద్ర ఆపుకోలేని రోజున స్కూటీ తీయకుండా బస్సులోనో ఆటోలోనో వెళ్లడం మేలు.

ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయ్యాక లెక్క మారుతుంది. అప్పటినుంచి తల్లిపాలలోని ఇనుము ఒక్కటే చాలదు. రాత్రంతా పాలతో నిండిన బిడ్డ పగలు పప్పన్నం, ఉగ్గు కూడా మొహం తిప్పేస్తుంటే, రాత్రి వేళలు ఒక్కొక్కటిగా తగ్గించాల్సిన సమయం అదే. తెల్లవారుజామున అయిదింటిది వదిలేయకండి, తల్లి వెళ్లేలోపు కడుపు నింపేది అదే. మధ్యరాత్రి వాటిలో కొద్దిగా తాగి మళ్లీ నిద్రపోయేది ఏదో చూసి, ముందు దాన్ని ఆపండి. తండ్రి ఎత్తుకుని జోకొడితే మూడు, నాలుగు రాత్రుల్లో సాధారణంగా అది పోతుంది.