రెజ్యూమెలో ఏ హోటల్ ఉంది?

విశాఖ తీరంలో ఒక రిసార్ట్‌కు ఆపరేషన్స్ మేనేజర్ కావాలనుకుందాం. రిసార్ట్ అనుభవం, ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, రెస్టారెంట్ల బాధ్యత, అతిథుల సంతృప్తి పెంచిన రుజువు ఉండాలని ప్రకటన.

హైటెక్ సిటీ బిజినెస్ హోటల్లో పదేళ్లు చేసిన వ్యక్తి రెజ్యూమె ఘనంగానే కనిపిస్తుంది. కానీ అక్కడి అతిథి రాత్రి నిద్రపోయి పొద్దున్నే ఆఫీసుకు వెళ్తాడు. రిసార్ట్‌లో కుటుంబాలు రోజంతా అక్కడే గడుపుతాయి. ఈత కొలను, పిల్లల ఆటలు, మూడు పూటల భోజనం చూసుకున్న జాడ రెజ్యూమెలో ఉందా?

‘అన్ని విభాగాలతో సమన్వయం’ అంటే వాటిని నడిపినట్టు కాదు. ఎంతమంది సిబ్బంది, ఏ బడ్జెట్ తన చేతిలో ఉండేవో రాసి ఉండాలి.

‘రేటింగ్ 4.1 నుంచి 4.5కు’ అన్నారా? ఎన్ని సమీక్షల మీద, ఎంతకాలంలో? మధ్యలో గదులు కొత్తగా చేయించి ఉంటే ఆ ఘనత మేనేజర్ ఒక్కరిదే కాదు. ఇంటర్వ్యూలో మొదట అడగాల్సింది అదే.