ఖాతాలో పేరుంటే డబ్బు సొంతమేనా?

ఇద్దరి పేర్ల మీదున్న ఖాతాలో ఒకరు కన్నుమూస్తే, బ్యాంకు రెండోవారికి డబ్బిచ్చి చేతులు దులుపుకొంటుంది. పోయినవారి భార్యాబిడ్డలకు ఆ కౌంటరులో రూపాయి కూడా రాదు. అలాగని ఆ డబ్బులో వాళ్లకు హక్కు లేదనుకుంటే పొరపాటే.

జాయింట్ అకౌంటు తెరిచే ఫారంలో, ఖాతాను ఎవరు నడపాలో రాసే గడి ఒకటుంటుంది. అందులో 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని టిక్కు పెడితే, ఇద్దరూ బతికున్నంతకాలం ఎవరైనా డబ్బు తీసుకోవచ్చు. ఒకరు పోతే మిగిలినవారు తీసుకుంటారు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని పెడితే, మొదటి పేరున్నవారు బతికున్నంతకాలం వారొక్కరికే అధికారం. రెండో పేరున్నవారు ఖాతాదారే అయినా చెక్కు మీద సంతకం పెట్టే వీలుండదు. మొదటివారు పోయాకే వారి వంతు వస్తుంది. చాలా కుటుంబాల్లో ఈ టిక్కును వీలునామాకు బదులుగా వాడుతున్నారు. పెద్ద కొడుకు పేరు చేర్చితే డబ్బు అతనికి రాసిచ్చినట్టేనని తండ్రీ అనుకుంటాడు, కొడుకూ అనుకుంటాడు. నిజానికి ఆ టిక్కు బ్యాంకుకిచ్చిన ఆదేశం మాత్రమే. డబ్బు ఎవరి చేతికివ్వాలో అది చెబుతుంది గానీ, ఆ డబ్బు ఎవరిదో చెప్పదు. ఈ తేడా తెలియకే పెద్దకర్మ ముగియకముందే అన్నదమ్ముల మధ్య తగవులు మొదలవుతాయి.

లెక్క వేసి చూద్దాం

గుంటూరులో రిటైరైన ఒక ఉపాధ్యాయుణ్ని ఉదాహరణగా ఊహించుకుందాం. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు కలిపి 16 లక్షలు, పెద్ద కొడుకు తన జీతం ఖాతా నుంచి పంపిన 8 లక్షలు చేర్చి మొత్తం 24 లక్షలు ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. మొదటి పేరు తండ్రిది, రెండోది పెద్ద కొడుకుది. షరతు 'ఫార్మర్ ఆర్ సర్వైవర్'. వీలునామా రాయకుండా తండ్రి పోయారు. గడువు తీరిన రోజున పెద్ద కొడుకు మరణ ధ్రువపత్రం, తన గుర్తింపు పత్రం, క్లెయిమ్ ఫారం ఇస్తే బ్యాంకు మొత్తం డబ్బు అతనికే చెల్లిస్తుంది. తమ్ముడి సంతకం, చెల్లెలి సంతకం అడగదు. వారసత్వ ధ్రువపత్రమూ అడగదు. అది బ్యాంకు నిర్లక్ష్యం కాదు. సర్వైవర్ షరతు ఉన్న ఖాతాల్లో అలాంటి పత్రాల కోసం పట్టుబట్టవద్దని రిజర్వు బ్యాంకు 2005 జూన్‌లోనే స్పష్టంగా ఆదేశించింది.

ఇప్పుడు ఇంట్లో లెక్క చూడాలి. తండ్రి సొంత సంపాదన 16 లక్షలు హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులైన భార్య, ఇద్దరు కొడుకులు, కూతురికి సమానంగా చెందుతుంది. అంటే తలా నాలుగు లక్షలు. పెద్ద కొడుకుకు తన 8 లక్షలు, వాటా కింద నాలుగు లక్షలు కలిపి 12 లక్షలు సొంతం. మిగతా 12 లక్షలు అతని ఖాతాలో ఉన్నా అతనివి కావు. తల్లికి, తమ్ముడికి, చెల్లెలికి నాలుగేసి లక్షలు అప్పజెప్పాల్సిన బాధ్యత అతనిది. డిపాజిట్ 'ఈదర్ ఆర్ సర్వైవర్'గా ఉన్నా ఈ అంకెల్లో ఒక్క రూపాయి మారదు. వారసుల వాటాను తేల్చేది ఎవరి సొమ్ము ఎంత అన్న లెక్క, దానికి వర్తించే వారసత్వ చట్టం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వాటాలు వేరుగా ఉంటాయి గానీ సూత్రం ఇదే.

పోయింది పెద్ద కొడుకే అయితే? చాలామంది ఊహించని చిక్కు ఇక్కడుంది. మొదటి పేరు తండ్రిది కాబట్టి డిపాజిట్ మామూలుగానే కొనసాగుతుంది. కోడలికి, మనవలకు బ్యాంకు ఏమీ చెల్లించదు. కానీ అందులోని 8 లక్షలు కొడుకు సొమ్ము. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తికి తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి మాత్రం రెండో తరగతిలో ఉంటాడు. కొడుకుకు భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే తల్లితో కలిపి నలుగురు వారసులు. తలా రెండు లక్షలు. డిపాజిట్ మొత్తం మీద అధికారమున్న తండ్రికి కొడుకు సొమ్ములో వాటాయే లేదు. బ్యాంకు దృష్టిలో సర్వాధికారి, చట్టం దృష్టిలో కేవలం కాపలాదారు. మొదటి పేరు ఉన్నంత మాత్రాన డబ్బు మొదటివారిది అయిపోదని చెప్పడానికి ఇంతకన్నా తేటైన రుజువు అక్కర్లేదు.

'సర్వైవర్' అని రాశాక ఇంకేం మిగిలింది?

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. బతికినవారికి ఇవ్వమని ఖాతాదారు స్వయంగా సంతకం పెట్టాడు కదా, అది అతని కోరిక కాదా అంటారు. ఇంగ్లండులో భర్త భార్య పేర డబ్బు వేస్తే అది ఆమెకిచ్చిన కానుకేనని అనుకునే సంప్రదాయం ఉండేది. భారతీయ కుటుంబాలకు ఆ ఊహ వర్తించదని ప్రివీ కౌన్సిల్ 1928లో గురాన్ దిత్తా కేసులో తేల్చింది. భర్త తన డబ్బును ఇద్దరి పేర్ల మీద, ఎవరు మిగిలితే వారికి చెల్లించేలా డిపాజిట్ చేశాడు. అంతమాత్రాన అది భార్యకిచ్చిన దానం కాదని, దానమని చెప్పేవారే రుజువు చూపాలని ఆ తీర్పు సారాంశం. ఇందులో లోకజ్ఞానం ఉంది. మన ఇళ్లలో రెండో పేరు చేర్చేది చాలావరకు సౌకర్యం కోసం. మోకాళ్ల నొప్పులతో బ్యాంకు మెట్లెక్కలేక ఒకరు, మందుల ఖర్చుకు ఎవరో ఒకరు డబ్బు తీయాలి కదా అని ఒకరు చేరుస్తారు. సౌకర్యం కోసం పెట్టిన సంతకాన్ని మిగతా బిడ్డలకు ఎగనామం పెట్టే పత్రంగా చదవడం న్యాయం కాదు. ఇవ్వాలన్న ఉద్దేశం నిజంగా ఉంటే వీలునామా ఉంది, బతికుండగానే రాసిచ్చే దానపత్రం ఉంది.

రిజర్వు బ్యాంకు మాట కూడా ఇదే. పోయినవారి చట్టబద్ధ వారసుల తరఫున ధర్మకర్తగా డబ్బు అందుకుంటున్నారని సర్వైవర్‌కు స్పష్టం చేయాలని 2005 నాటి ఆదేశం బ్యాంకులకు చెప్పింది. నామినీ విషయంలోనూ అంతే. నామినీ డబ్బు అందుకునే వ్యక్తే తప్ప యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో తల్వార్ కేసులో చెప్పింది. పైగా జాయింట్ ఖాతాలో నామినీ వంతు ఖాతాదారులందరూ పోయాకే వస్తుంది. ఒక్కరు మిగిలినా అతనికి పనిలేదు.

తేడా ఎక్కడ తెలుస్తుంది?

వాటాలు మారనప్పుడు ఏ టిక్కు పెడితే ఏమిటని అడగవచ్చు. తేడా అంతా ఖాతాదారు బతికున్న రోజుల్లో ఉంది. 'ఈదర్' ఖాతాలో, తండ్రి ఐసీయూలో ఉన్న వారంలోనే రెండోవారు సేవింగ్స్ ఖాతా ఊడ్చేయగలరు. అప్పుడు వారసులు నిరూపించాల్సింది తమ వాటా ఒక్కటే కాదు. ఆ డబ్బు ఆసుపత్రికి పోయిందా, సొంతానికి పోయిందా అన్నదీ తేల్చాలి. 'ఫార్మర్' ఖాతాలో ఆ అవకాశం లేదు. చనిపోయిన రోజున నిల్వ ఎంతో స్టేట్‌మెంటులో కనబడుతుంది, దావా అక్కడి నుంచి మొదలవుతుంది. అంటే 'ఫార్మర్' షరతు యజమానితోపాటు అతని వారసులను కూడా కాపాడుతుంది. విదేశాల్లో ఉన్న తెలుగువారు ఎన్ఆర్ఈ ఖాతాలో ఇక్కడి తల్లిదండ్రుల పేరు చేర్చాలంటే 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనే చేర్చాలన్న నిబంధన కూడా ఆ యజమాని అదుపు కోసమే.

ఫిక్సెడ్ డిపాజిట్ల విషయంలో మరో మెలిక ఉంది. గడువు తీరాక సర్వైవర్‌కు అడ్డు లేదు. కానీ గడువుకు ముందే డిపాజిట్ రద్దు చేసుకోవాలంటే పోయినవారి వారసుల సమ్మతి కావాలని 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వివరించింది. ఇది రెండు షరతులకూ వర్తిస్తుంది. అయితే గడువుకు ముందు కూడా సర్వైవరే తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి ముందుగా రాసిచ్చి ఉంటే, ఆ సమ్మతి అవసరం లేదు. చాలా ఫారాల్లో ఈ అంగీకారం ఓ మూలన అచ్చై ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టేస్తారు. వారసుల మాట బ్యాంకు వినే అరుదైన సందర్భం ఇదే కాబట్టి, తండ్రి డిపాజిట్‌కు గడువు ఎంత మిగిలుందో, ఆ అంగీకారం ఇచ్చారో లేదో మొదట తెలుసుకోవాలి.

బ్యాంకే ఆపవచ్చు కదా?

ఇంత ప్రమాదం ఉందని తెలిసీ బ్యాంకు అందరి సంతకాలూ అడగకుండా డబ్బు ఎందుకిస్తుందన్నది మరో అభ్యంతరం. కోపం సహజమే, కానీ ఆ మార్గం ఎక్కువమందికి చేటు చేస్తుంది. సర్వైవర్ అంటే మోసగాడైన కొడుకు మాత్రమే కాదు, భర్త పోయిన ఇల్లాలు కూడా. వచ్చే నెల బియ్యానికి, కరెంటు బిల్లుకు ఆమె అమెరికాలో ఉన్న కొడుకు సంతకం కోసం, ముఖం చాటేసిన అల్లుడి దయ కోసం ఎదురుచూడాలా? ఎవరి డబ్బు ఎంతో తేల్చడం కోర్టు పని. బ్యాంకు మేనేజరు ఆ పనికి పూనుకుంటే ప్రతి శాఖా ఒక కచేరీ అవుతుంది. అందుకే బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం బయటివారి క్లెయిమ్ నోటీసును బ్యాంకు పట్టించుకోనక్కర్లేదంటుంది, కోర్టు ఉత్తర్వుకు మాత్రం తలవంచమంటుంది. తమ్ముడు మేనేజరుకు రాసే రిజిస్టర్డ్ ఉత్తరం డబ్బు ఆపలేదు. చెల్లింపు జరగకముందే సివిల్ కోర్టులో దావా వేసి తెచ్చుకున్న తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఆపగలదు.

డబ్బు సర్వైవర్ చేతికి వెళ్లి ఖర్చైపోయాక ఈ ధర్మకర్తృత్వం ఎవరికి కావాలన్న విమర్శ మాత్రం నిజం. కాగితం మీది హక్కును వసూలు చేసుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. దావా గెలవడానికి పనికొచ్చేది ఆధారాలే. గ్రాట్యుటీ జమైన తేదీ, కొడుకు జీతం ఖాతా నుంచి వచ్చిన బదిలీ, డిపాజిట్ మొదటి రసీదు లాంటివి ఎవరి సొమ్ము ఎంతో చెబుతాయి. అందుకే ఇద్దరి డబ్బు ఒకే డిపాజిట్‌లో కలపకపోవడం అన్నిటికన్నా మేలు. మన ఉదాహరణలో 16 లక్షలకు ఒకటి, 8 లక్షలకు ఒకటి వేరువేరుగా డిపాజిట్లు చేసి ఉంటే సగం తగవు పుట్టేదే కాదు.

భార్యాభర్తల ఇంటి ఖర్చుల ఖాతాకు 'ఈదర్ ఆర్ సర్వైవర్' చాలు. ఒకరి జీవితకాలపు పొదుపు ఉన్న ఖాతాకు 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' మేలు. ఆ డబ్బు చివరికి ఎవరికి చెందాలో మాత్రం ఏ టిక్కూ చెప్పదు. అది చెప్పాలనుకుంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయండి. ఇప్పటికే డబ్బు చేతికందుకున్న సర్వైవర్లకు చెప్పాల్సింది ఒక్కటే: మీ ఖాతాలో పడిందంతా మీది కాదు. ఎవరి వాటా వారికిచ్చి రసీదు రాయించుకోండి.