గడువు కుదరనప్పుడు విడతలుగా రాసివ్వండి

"దసరా బేరాలకి ఆన్‌లైన్ దుకాణం తెరవాలి. మూడు వారాలు చాలవూ?" అని ఒక చీరల వ్యాపారి అడిగాడనుకుందాం. పనికి పట్టేది ఎనిమిది వారాలు. "కుదరదండీ" అంటే పని చేజారుతుంది. "చూద్దాం లెండి" అంటే ఆయన దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేసుకుంటాడు. అందుకే ఏది ఎప్పటికి ఇవ్వగలమో విడతలుగా రాసి పంపాలి.

రాసే ముందు ఒక్కటి అడగాలి: ఆ తేదీకి తప్పకుండా ఏం జరగాలి? ఎక్కువసార్లు సైటు మొత్తం అక్కర్లేదని తేలుతుంది. పండగకి చీరలు ఫోన్లో కనపడి, ఆర్డర్లు వస్తే చాలు. అదే మొదటి విడత. ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. మీరడిగినవన్నీ సెప్టెంబరు 15కి పూర్తికావు. ఆ రోజుకి 100 చీరలు ఫొటోలు, ధరలతో సైటులో ఉంటాయి, ఆర్డరు మీ వాట్సాప్‌కి వస్తుంది. అక్టోబరు 5కి సైటులోనే యూపీఐ, కార్డు చెల్లింపులు. అక్టోబరు 20కి మీ బిల్లింగ్‌తో స్టాకు లెక్క కలపడం. ఫొటోలు ఆగస్టు 30కి, పాన్, బ్యాంకు కాగితాలు సెప్టెంబరు 5కి మాకు అందాలి. అవి ఆలస్యమైతే ఆ విడత అన్ని రోజులూ జరుగుతుంది. ఏ విడత డబ్బు ఆ విడత అందగానే. సమ్మతమైతే జవాబు రాయండి, పని మొదలుపెడతాం."

ఇందులో ఏ విడతకి ఆ విడతే ఉపయోగపడుతుంది. రెండోది ఆలస్యమైనా మొదటిదానితో వ్యాపారం నడుస్తుంది. "ముందు డిజైన్, తర్వాత కోడింగ్" అని విడదీస్తే మాత్రం 15వ తేదీన అమ్మడానికి ఏమీ ఉండదు. రెండో విడత రాకపోతే మొదటిది పనికిరాదంటే, విభజన తప్పినట్టే.

చెల్లింపులు రెండో విడతకి జరపడానికి కారణముంది. పేమెంట్ గేట్‌వే సంస్థ వ్యాపారి కాగితాలు సరిచూస్తుంది. సైటులో చిరునామా, డబ్బు వాపసు నిబంధనల పేజీలు ఉన్నాయో లేదో కూడా చూస్తుంది. అంటే ముందు సైటు నిలబడాలి. ఆ అనుమతి ఎన్నాళ్లకొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి ఆ మాట కూడా ఉత్తరంలో చేర్చడం మంచిది.

మధ్యలో "కూపన్లు కూడా పెట్టండి" అనే కోరిక వస్తుంది. దాన్ని మూడో విడత తర్వాత చేర్చి, కొత్త తేదీ, కొత్త ధర రాసి పంపాలి. "సరేలే" అని నోటిమాటతో కలుపుకుంటే పాత తేదీలన్నీ చెల్లకుండా పోతాయి.

ఒక్కోసారి మొదటి విడతే బరువవుతుంది. అప్పుడు తేదీని కదపకుండా సరుకు తగ్గించాలి. 100 చీరల బదులు బాగా అమ్ముడయ్యే 40 చాలు. ఏవి ఉండాలో వ్యాపారే ఎంచుకోవాలి, ఎందుకంటే పండగకి ఏది కదులుతుందో ఆయనకే తెలుసు.