చనుమొన పగిలితే ముందు చూడాల్సింది బిడ్డ నోరు

పురుడు వచ్చిన మూడో రోజుకో నాలుగో రోజుకో చాలామంది బాలింతలు ఒకే మాట అంటారు: "పాలు పట్టాలంటేనే భయమేస్తోంది." బిడ్డ ఏడుపు వినగానే ఒళ్లు బిగుసుకుంటుంది. మొన మీద సన్నటి చీలిక, దాని అంచున ఎండిన రక్తం కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు "మొదట్లో అందరికీ అంతే, ఓర్చుకో తల్లీ, నాలుగు రోజులు పోతే మొన గట్టిపడుతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ అందులో సగమే నిజం. మొదటి వారంలో బిడ్డ నోట పెట్టగానే అర నిమిషం పాటు లాగినట్టుగా నొప్పి పుట్టడం మామూలే. ఆ తర్వాత కూడా పళ్లు బిగబట్టి కూర్చోవాల్సి వస్తున్నా, చర్మం చిట్లినా అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. బిడ్డ రొమ్ము పట్టిన తీరు సరిగా లేదని మొదట అనుమానించాలి.

ఎందుకో తెలియాలంటే మీ నాలుక కొసను పైపళ్ల వెనక పెట్టి, అంగిలి వెంట నెమ్మదిగా వెనక్కి జరపండి. ముందు గట్టిగా తగులుతుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తబడుతుంది. పాలు తాగేటప్పుడు చనుమొన బిడ్డ నోట్లో ఆ మెత్తటి చోటి దగ్గరిదాకా చేరాలి. అలా చేరాలంటే మొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. మొన ఒక్కటే దొరికితే అది నాలుకకీ గట్టి అంగిలికీ మధ్య నలిగిపోతుంది. పసిబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతుంది. అన్నిసార్లు నలిగితే ఏ చర్మమైనా చిట్లుతుంది.

దీన్ని తల్లి తనంతట తానే కనిపెట్టవచ్చు. బిడ్డ నోరు వదిలిన క్షణంలోనే మొనను చూసుకోవాలి. గుండ్రంగా, కాస్త సాగి ఉంటే పట్టు బాగున్నట్టే. కొత్త లిప్‌స్టిక్ కొసలా ఒకవైపు ఏటవాలుగా అణిగిపోయినా, కొస తెల్లబడినా, అడ్డంగా గీత పడినా మొన నోట్లో నలుగుతోందని అర్థం.

సిజేరియన్ అయిన తల్లుల్లో ఇది ఎలా మొదలవుతుందో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి 10 కాన్పుల్లో 6 ఆపరేషన్లే కాబట్టి ఇది చాలా ఇళ్లలో జరిగేదే. నాలుగో రోజు. కుట్ల మీద బరువు పడకుండా తల్లి మంచం మీద ముందుకు వంగి కూర్చుంది. బిడ్డ ఒళ్లో వెల్లకిలా ఉంది, మెడ మాత్రం రొమ్ము వైపు తిరిగి ఉంది. మనమూ మెడ పక్కకి తిప్పి గుటక వేయబోతే ఎంత కష్టమో తెలుస్తుంది. పాలు నిండుగా పడి రొమ్ము గట్టిపడింది, నల్లటి భాగం బిగుసుకుని మొన చదునైంది. బిడ్డ నోరు సగమే తెరిచింది. అమ్మమ్మ తల వెనక చెయ్యేసి ముందుకి నొక్కింది. తల నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది, నోట్లో ఉన్న కాస్తా జారి మొన కొస మాత్రం మిగులుతుంది.

ఇక్కడ మార్చాల్సినవి మూడు. మొదట రొమ్మును మెత్తబరచాలి. రెండు చేతుల వేళ్ల కొసలను మొన చుట్టూ ఆనించి, ఒక నిమిషం పాటు ఛాతీ వైపు నెమ్మదిగా అదిమి ఉంచితే నల్లటి భాగం మెత్తబడుతుంది. కొద్దిగా పాలు చేత్తో పిండినా సరే.

తర్వాత కూర్చునే తీరు. వీపుకి దిండు పెట్టుకుని వెనక్కి వాలాలి. పక్కన ఇంకో దిండు వేసి బిడ్డను చంక కిందుగా, కాళ్లు వెనక్కి ఉండేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. అరచేయి తల వెనక కాకుండా భుజాల మధ్య, మెడ మొదట్లో ఉండాలి.

మూడోది ఓపిక. బిడ్డ ముక్కు మొనకి ఎదురుగా వచ్చేలా పట్టుకుని, పైపెదవికి మొన తాకించి ఆగాలి. ఆవలించినంతగా నోరు తెరిచాకే బిడ్డను దగ్గరికి తీసుకోవాలి. ముందు గడ్డం తగలాలి. రొమ్మును బిడ్డ మీదికి వంచకూడదు. పట్టు కుదిరితే గడ్డం రొమ్ముకి ఆనుకుని, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది. నల్లటి భాగం పైపెదవి పైన కాస్త కనిపిస్తుంది, కింద దాదాపు కనిపించదు. బుగ్గలు లోపలికి సొట్టలు పడవు, గుటకలు వినిపిస్తాయి. కుదరకపోతే లాగేయవద్దు. చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకి పెడితే బిగువు వదులుతుంది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు.

పట్టు సరిచేశాక పుండుకి చేయాల్సింది తక్కువే. తాగడం అయ్యాక రెండు చుక్కల పాలు పిండి మొనకు పూసి ఆరనిస్తే చాలు. లానోలిన్ పూత పలుచగా రాసుకోవచ్చు, కడగకుండానే పాలు పట్టవచ్చు. అయితే అది సొంత పాలకంటే మెరుగ్గా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పట్టిన ప్రతిసారీ సబ్బుతో కడగడం, స్పిరిట్ రాయడం మానాలి, అవి చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి. తడిసిన ప్యాడ్లు, బిగుతు లోదుస్తులు మార్చుకోవాలి. తక్కువ నొప్పి ఉన్న వైపు ముందు పట్టాలి. అసలు తాకనివ్వలేనంత నొప్పిగా ఉంటే ఒకరోజు ఆ వైపు విశ్రాంతి ఇవ్వవచ్చు, కానీ పాలు చేత్తో పిండి ఉగ్గు గిన్నెతో పట్టాలి. పిండకుండా వదిలేస్తే పాలు గడ్డకట్టి జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. పాలలో కాస్త రక్తం కలిసినా మామూలుగా బిడ్డకి హాని లేదు. తల్లికి హెచ్ఐవీ గానీ హెపటైటిస్ సి గానీ ఉంటే మాత్రం రక్తం వస్తున్న వైపు పట్టకుండా వెంటనే డాక్టరుని అడగాలి.

పట్టు బాగున్నా తగ్గని నొప్పులూ ఉన్నాయి. కొన్ని వారాలు హాయిగా పట్టాక హఠాత్తుగా మంట మొదలై, తాగడం అయ్యాక కూడా కొనసాగుతూ, బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్ల మచ్చలు ఉంటే అది ఫంగస్ కావచ్చు. తల్లికీ బిడ్డకీ ఒకేసారి మందు వాడాలి. బిడ్డ వదలగానే మొన తెల్లబడి, తర్వాత నీలంగా మారి సలుపుతుంటే రక్తనాళాలు ముడుచుకుంటున్నట్టు, దానికి వెచ్చదనం ఉపశమనం. బిడ్డ నాలుక బయటికి రాక కింద అంటుకుని ఉంటే పిల్లల డాక్టరు చూడాలి.

సరిచేసిన రెండు మూడు రోజులకీ పగులు మానకపోయినా, చీము పట్టినా ఆగవద్దు. రొమ్ములో ఒకచోట ఎర్రబడి, వణుకుతో జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అయిదో రోజు తర్వాత బిడ్డ రోజుకి ఆరుసార్లకంటే తక్కువ మూత్రం పోసినా, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి చేరకపోయినా అంతే.

ఫోన్లో సలహా దీనికి చాలదు. బిడ్డ తాగుతుండగా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసేవారు కావాలి. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఊళ్లో ఏఎన్ఎం, నగరాల్లో తల్లిపాల నిపుణులు ఆ పని చేయగలరు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ బరువు తూయించుకోవడంతో సరిపెట్టకండి. "అక్కా, నేను పాలు పడతాను, పట్టు సరిగ్గా ఉందో లేదో చూడు" అని అడగండి.