తిరిగొచ్చిన చెక్కు, పంపాల్సిన మెసేజ్

"మీ చెక్కు బౌన్స్ అయింది. ఇన్నేళ్ల పరిచయంలో ఇలా చేస్తారనుకోలేదు. వెంటనే డబ్బు కట్టకపోతే కేసు పెడతా."

విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్లు హోల్‌సేల్‌గా అమ్మే వ్యాపారి ఒకాయన, నూజివీడులో కొట్టున్న పాత ఖాతాదారుకి ఈ మెసేజ్ పంపబోతున్నాడనుకుందాం. కోపం న్యాయమైనదే, సరుకు వెళ్లి నెల దాటింది. కానీ ఇందులో ఏ చెక్కో, ఎంతకో, డబ్బు ఎలా, ఎప్పటిలోగా పంపాలో ఏమీ లేదు. అవతలాయన ఆ నెలలో నలుగురికి చెక్కులిచ్చి ఉంటే, ఏది తిరిగొచ్చిందో ఫోన్ చేసి అడగాలి. ఇంత కోపంగా రాస్తే అడగడానికి వెనకాడతాడు, రెండు రోజులు మాట్లాడకుండా ఉండిపోతాడు.

రాసేముందు బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో చదవాలి. చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో అందులో ఉంటుంది. సంతకం కలవలేదని ఉంటే కొత్త చెక్కు అడిగితే సరిపోతుంది. ఖాతాలో సొమ్ము చాలలేదని ఉంటే మళ్లీ చెక్కు తీసుకోవడం కన్నా నేరుగా ఖాతాకు పంపమనడం మేలు. చెక్కిచ్చినవాళ్లే చెల్లింపు ఆపించారని ఉంటే అసలు గొడవ సరుకు దగ్గరో లెక్క దగ్గరో ఉండవచ్చు. అప్పుడు ముందు ఫోన్ చేసి, తర్వాత రాయాలి.

మన వ్యాపారికి వచ్చిన మెమోలో సొమ్ము చాలలేదని ఉంది. మెసేజ్‌ను తిరగరాస్తే ఇలా ఉంటుంది:

"అన్నగారూ, నమస్కారం. బిల్లు నంబరు 214 కింద మీరిచ్చిన 48,600 రూపాయల చెక్కు (నంబరు 004517, తేదీ జూలై 7) ఖాతాలో సొమ్ము చాలలేదని జూలై 9న తిరిగొచ్చింది. మెమో ఫొటో పెడుతున్నాను. ఈ 48,600 రూపాయలు జూలై 15 సాయంత్రంలోగా మా ఖాతాకు నెఫ్ట్ చేసి, యూటీఆర్ నంబరు పంపండి. ఖాతా వివరాలు బిల్లు మీద ఉన్నవే. డబ్బు జమైన రోజే పాత చెక్కు మీకు పంపిస్తాను. ఆ తేదీకి కుదరకపోతే ఈ రోజే ఒకసారి ఫోన్ చేయండి."

"మీరు ఇలా చేశారు" అన్న మాట పోయి, మెమోలో బ్యాంకు చెప్పిన మాట వచ్చింది. దాన్ని కాదనడానికి వీల్లేదు, నొచ్చుకోవడానికీ పెద్దగా ఏమీ లేదు. "వెంటనే" బదులు తేదీ ఉంది. ఖాతా నంబరును మెసేజ్‌లో కొత్తగా ఇవ్వకుండా బిల్లు చూసుకోమనడం కూడా కావాలనే. ఖాతా మారిందంటూ మోసగాళ్లు పంపే మెసేజ్‌లు ఎక్కువయ్యాక, కొత్త నంబరు కనిపిస్తే జాగ్రత్తపడేవాళ్లు ఆగిపోతారు. బ్యాంకు కోసుకున్న 118 రూపాయల ఛార్జీ సంగతి నేనైతే మొదటి మెసేజ్‌లో ఎత్తను. అడగాలనుకుంటే విడిగా రాయాలి. అసలు మొత్తంలో కలిపేస్తే లెక్క తేలక చర్చ దాని మీదికే పోతుంది.

ఈ మెసేజ్ పంపాల్సింది ఆయన ఒక్కరికే. వ్యాపారుల గ్రూపులో పెడితే డబ్బు రాకపోగా పగ మిగులుతుంది.

కేసు మాట తీసేశాం కదా అని గడువు మరిచిపోకూడదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వెళ్లాలంటే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి వాళ్లకు 15 రోజులుంటాయి. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఇక్కడ జూలై 9న తెలిసింది కాబట్టి నోటీసుకు ఆగస్టు 8 వరకే సమయం. మర్యాదగా మెసేజ్‌లు పంపుకుంటున్నామని ఆ లెక్క ఆగదు. అందుకే మొదటి గడువు 15న పెట్టాం. అది దాటితే ఇంకో మెసేజ్‌కూ, లాయరును కలవడానికీ చోటుంటుంది. మెమో అసలు కాగితాన్ని, చెక్కును డబ్బు పూర్తిగా జమయ్యేదాకా ఎవరికీ ఇవ్వకూడదు.

చాలాసార్లు వచ్చే జవాబు, "ఇప్పుడు 20,000 వేశాను, మిగతాది తర్వాత చూద్దాం". తీసుకోవచ్చు, కానీ "సరే" అని ఊరుకోకూడదు. "20,000 అందాయి అన్నగారూ. మిగిలిన 28,600 జూలై 25లోగా పంపండి. చెక్కు అప్పుడు ఇస్తాను" అని అదే రోజు రాసి పెట్టాలి. తర్వాత నోటీసు దాకా వెళ్తే ఎంత అందిందో, ఎంత మిగిలిందో లాయరుకు ముందే చెప్పాలి. అందిన సొమ్ము తీసివేయకుండా పూర్తి మొత్తం అడిగితే నోటీసే చెల్లకపోవచ్చు.