అంకె పిలవని హౌసీ

పెళ్లిళ్ల కాలం దాటాక ఇంట్లో మిగిలే శుభలేఖల అట్టలను నేను పారేయను. రెండో తరగతి పిల్లలకు కూడికలు, తీసివేతలు రోజూ చేయించడానికి అవే కార్డులు. ఆట మనకు తెలిసిన హౌసీయే, కాకపోతే ఇక్కడ అంకె పిలవం. లెక్క చదువుతాం. ‘ఎనిమిదీ అయిదూ’ అంటే కార్డులో పదమూడు వెతుక్కుని దానిమీద చింతగింజ పెట్టాలి. (శనగలు పెడితే ఆట సగంలోనే తినేస్తారు.)

మొదటిసారి నేను చేసిన తప్పు చీటీల్లో ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెలతో వచ్చే కూడికలన్నీ చీటీల మీద రాసేశాను. 3 + 5, 5 + 3 ఒకటే అనుకుంటే అవి 45. వాటిలో పది జవాబుగా వచ్చేవి అయిదు ఉన్నాయి, పద్దెనిమిదికి మాత్రం 9 + 9 ఒక్కటే. కార్డులో 18 పడిన పిల్లవాడు చివరిదాకా గింజ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పది ఉన్నవాడికేమో మూడో చీటీకే గింజ పడింది.

అందుకే ఇప్పుడు జవాబులు ముందు నిర్ణయించి, లెక్కలు తర్వాత రాస్తాను. 5 నుంచి 16 వరకు పన్నెండు జవాబులు. ఒక్కోదానికి ఒక కూడిక, ఒక తీసివేత, అంటే 24 చీటీలు. పదమూడుకు 8 + 5, 20 − 7. ఏడుకు 3 + 4, 15 − 8. కార్డులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గళ్లు. పన్నెండు జవాబుల్లో ఏవో మూడు వదిలేసి మిగతా తొమ్మిదీ కలగాపులగంగా రాస్తే ఒక కార్డు. వదిలే మూడింటిని 220 రకాలుగా ఎంచుకోవచ్చు కాబట్టి తరగతిలో ఎంతమంది ఉన్నా ఏ ఇద్దరి కార్డూ ఒకేలా ఉండదు. పక్కవాడిని చూసి గింజ పెట్టడం అక్కడికి కొంత తగ్గుతుంది.

మిగిలినదాన్ని పలక ఆపుతుంది. లెక్క చదివాక నేను మనసులో పది లెక్కపెట్టుకుంటాను. ఈలోపు అందరూ జవాబు పలకమీద రాయాలి, నేను ‘ఊ’ అన్నాకే గింజ. ఆ అంకె తన కార్డులో లేకపోయినా, దానిమీద గింజ ముందే పడిపోయినా రాయాల్సిందే. ఈ నియమం లేకపోతే చురుకైనవాళ్లే లెక్క చేస్తారు, మిగతావాళ్లు వాళ్ల చేతులవంక చూస్తారు. ఒక వరుస నిండగానే ఆట ఆపేయను కూడా. అప్పటికి ఏడెనిమిది లెక్కలైనా అయి ఉండకపోవచ్చు. ఫుల్ హౌసీ దాకా వెళితేనే ఎక్కువ చీటీలు బయటికొస్తాయి.

ఎవరైనా ‘హౌసీ!’ అని అరిస్తే గింజలు కదపనివ్వను. ఒక్కో గడిమీద ఏ లెక్కకు గింజ పెట్టారో బయటికొచ్చిన చీటీలతో సరిచూస్తాను. నాకు పనికొచ్చే సంగతులన్నీ తెలిసేది అక్కడే. మొన్న ఒకమ్మాయి అలాగే అరిచింది. చూస్తే 13 మీద గింజ ఉంది. 8 + 5 గానీ 20 − 7 గానీ అప్పటికి రాలేదు. వచ్చింది 15 − 8. ఎలా చేశావమ్మా అంటే, ‘అయిదులోంచి ఎనిమిది పోదుగా టీచర్, అందుకే ఎనిమిదిలోంచి అయిదు తీశా, మూడు. పక్కన ఒకటి ఉంది, పదమూడు’ అంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న మాట గట్టిగా పట్టుకుంది, పదిని విడగొట్టడం మాత్రం ఇంకా రాలేదు. ఇంకో పిల్లవాడు 8 + 5 కు 12 మీద పెట్టాడు. ఎనిమిదిని కూడా కలిపి ‘ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు’ అని అయిదు వేళ్లు ముడిచాడు. తప్పు ఒక్క అంకె తేడాతో వస్తే సాధారణంగా కారణం ఇదే.

ఈ రెండూ హౌసీ ఆడితే పోయే తప్పులు కావు. ఆట తప్పును పట్టిస్తుంది, నేర్పడం విడిగా జరగాలి. ఆ అమ్మాయి చేతికి పదిహేను పుల్లలిచ్చాను. పదింటికి రబ్బరు బ్యాండు వేసి, విడిగా అయిదు. ఎనిమిది తీయమంటే బ్యాండు విప్పక తప్పలేదు.

మర్నాటికి చీటీల డబ్బాలో రెండు మార్పులు చేశాను. అందరికీ నోటికొచ్చేసిన 3 + 4 తీసేసి అదే ఏడుకు 13 − 6 వేశాను. 5 + 3 స్థానంలో 15 − 7. జవాబుకు రెండేసి చీటీల లెక్క చెడలేదు కాబట్టి కార్డులు మార్చాల్సిన పని పడలేదు.