ఆగినప్పుడు ‘తుస్స్’ మనాలి

పొద్దున షాపు తెరిచి స్విచ్ వేస్తే కంప్రెషర్ ఏ పేచీ లేకుండా తిరుగుతుంది. గేజిలో ముల్లు 8 కేజీల దగ్గరికి రాగానే దానంతటదే ఆగుతుంది. రెండు లారీ టైర్లకు గాలి పట్టాక ముల్లు 6కు దిగుతుంది. మోటారు మళ్లీ లేవాల్సింది అప్పుడే. అది మాత్రం లేవదు. ‘గుంయ్’ మని మూలుగుతుంది, పుల్లీ అంగుళం కదిలి ఆగిపోతుంది, ఎంసీబీ టక్కున పడిపోతుంది. ట్యాంకులో గాలంతా వదిలేసి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది.

పంక్చర్ షాపుల్లో, పెయింటింగ్ షెడ్లలో, కార్పెంటర్ల దగ్గర ఉండే సింగిల్ ఫేజ్ కంప్రెషర్లకు మామూలుగా వచ్చే జబ్బు ఇది. దీనికి మామూలుగా జరిగే వైద్యం కెపాసిటర్ మార్చడం. అది చవక, దొరకడం తేలిక, మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ ఖాళీ ట్యాంకుతో లేచే మోటారు నిండు ట్యాంకుతో లేవడం లేదంటే ముందు అనుమానించాల్సింది కరెంటును కాదు, గాలిని.

ఎందుకో చూద్దాం. గాలిని నొక్కే హెడ్‌కూ ట్యాంకుకూ మధ్య ఒక రాగి గొట్టం ఉంటుంది. అది ట్యాంకులోకి దిగే చోట నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది, మెకానిక్కులు ఎన్‌ఆర్‌వీ అంటారు. ట్యాంకులోకి వెళ్లిన గాలి వెనక్కి రాకుండా కాపలా కాయడం దాని పని. ఆ ఎన్‌ఆర్‌వీ పక్క నుంచి సన్నటి గొట్టం ఒకటి పైకి వెళ్లి ప్రెషర్ స్విచ్ అడుగున చేరుతుంది. అక్కడ ఉండే చిన్న పిన్ను లాంటి వాల్వే అన్‌లోడర్. ట్యాంకు నిండి స్విచ్ కరెంటు తెంచగానే, అదే కదలికతో ఒక రేకు ఆ పిన్నును నొక్కుతుంది. రాగి గొట్టంలో, హెడ్‌లో మిగిలిన గాలి ‘తుస్స్’ మని రెండు మూడు సెకన్లలో బయటికి పోతుంది. ట్యాంకులో గాలి ట్యాంకులోనే ఉంటుంది. మోటారు మళ్లీ లేచేసరికి దాని ముందున్న గొట్టం ఖాళీ. అది నిండేలోపు మోటారు వేగం అందుకుంటుంది, ఆ తరువాత ఎంత బరువైనా లాగుతుంది.

ఈ గాలి పోలేదనుకోండి. 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ పైభాగం దాదాపు 33 చదరపు సెంటీమీటర్లు. గొట్టంలో 6 కేజీల ఒత్తిడి నిలిచి ఉంటే, పిస్టన్ మొదటి దెబ్బలోనే సుమారు 200 కిలోల బరువును ఎదిరించి గాలిని తోయాలి. అదీ వేగం లేకుండా, నిలబడ్డ చోటు నుంచి. సింగిల్ ఫేజ్ మోటారుకు నిలబడ్డ చోట ఉండే బలమే తక్కువ. తిరగలేక ఆగిపోయిన మోటారు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. 2 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు 10 యాంపియర్ల చిల్లర తీసుకుంటే, ఇలా ఇరుక్కున్నప్పుడు 50 దాటుతుంది. ఎంసీబీ పడిపోవడం దాని ధర్మం. అది పడుతోంది కదా అని ఇంకా పెద్దది బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే తరువాత కాలేది వైండింగే.

హైవే పక్కన ఒక టైర్ల షాపు సంగతి చెబుతాను. 2 హెచ్‌పీ, బెల్టు కంప్రెషర్. కెపాసిటర్ రెండుసార్లు మార్చారు. చివరికి వైండింగ్ షాపు దాకా వెళ్లింది. అక్కడాయన మీటర్ పెట్టి, వైండింగ్ బాగానే ఉందని వెనక్కి పంపేశాడు. ఆ తరువాత వచ్చిన ముసలి మెకానిక్ మాత్రం కంప్రెషర్ మీద చెయ్యి వేయలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ట్యాంకు నిండేదాకా చూశాడు. మోటారు ఆగింది. ‘తుస్స్’ మంది. అంతా ఊపిరి పీల్చుకున్నారు గానీ ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ చప్పుడు ఆగడం లేదు. అర నిమిషమైనా ప్రెషర్ స్విచ్ కింద నుంచి సన్నగా గాలి కారుతూనే ఉంది.

“గాలి పోతోంది కదన్నా, అన్‌లోడర్ పాడైందా?” అని షాపు కుర్రాడు అడిగాడు.

“అన్‌లోడర్ దాని పని అది చేస్తోంది తమ్ముడూ. కారేది హెడ్‌లో గాలి కాదు, నీ ట్యాంకులోది” అన్నాడాయన.

తరువాత ఆయన చేసిన పరీక్షను ఎవరైనా చేసుకోవచ్చు. ప్లగ్ ఊడబీకాడు. ఇది మొదటి పని, దాటవేయకూడదు, ఎందుకంటే ప్రెషర్ స్విచ్ మూత కింద ఉన్నవన్నీ కరెంటు తీగలే. రాగి గొట్టం కాస్త చల్లారనిచ్చాడు. అప్పుడే ఆగిన కంప్రెషర్‌లో అది చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మొహం పక్కకు పెట్టి, సన్నగొట్టం నట్టును ఎన్‌ఆర్‌వీ దగ్గర స్పానర్‌తో ఒక్క చుట్టు వదులు చేశాడు.

ఇక్కడ మూడింటిలో ఒకటి జరగాలి. గాలి ఒక్కసారి బుస్సున వచ్చి ఆగిపోతే, హెడ్‌లో గాలి ఇరుక్కుని ఉందన్నమాట. ఎన్‌ఆర్‌వీ బాగుంది, అన్‌లోడరే తెరుచుకోవడం లేదు లేదా సన్నగొట్టం మసితో పూడుకుపోయింది. గాలి ఆగకుండా వస్తూనే ఉంటే, ట్యాంకు నుంచి వెనక్కి కారుతోంది, తప్పు ఎన్‌ఆర్‌వీది. అసలు గాలే రాకపోతే హెడ్ ఖాళీగానే ఉంది, అప్పుడు కరెంటు వైపు చూడాలి. ట్యాంకులో గాలి ఉండగానే చెయ్యాల్సిన పరీక్ష ఇది. ఖాళీ చేసి చూస్తే ఏమీ తెలియదు.

ఆ షాపులో గాలి ఆగలేదు. అప్పుడు ట్యాంకు అడుగున డ్రెయిన్ కాక్ తిప్పి గాలంతా వదిలేసి, ముల్లు సున్నాకు వచ్చిందని రెండుసార్లు చూసుకుని, ఎన్‌ఆర్‌వీ విప్పాడు. ట్యాంకులో గాలి ఉండగా దాన్ని విప్పితే తుపాకీ గుండులా లేస్తుంది. లోపల చిన్న స్ప్రింగు, దాని కింద బిళ్ల. బిళ్లకూ అది కూర్చునే అంచుకూ మధ్య నల్లటి మసిపెచ్చు ఒకటి అతుక్కుని ఉంది, గోరుతో గీకితే వచ్చింది. పిస్టన్ రింగులు దాటి వచ్చిన ఆయిల్ వేడికి మాడి ఇలా పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు బిళ్లను పూర్తిగా మూసుకోనివ్వదు. మోటారు ఆగి ఉన్నంతసేపూ గాలి కారుతూ ఉంటుంది. లేవబోయే ముందు స్విచ్ అన్‌లోడర్‌ను మూసేస్తుంది, కారే గాలికి దారి ఉండదు, ట్యాంకు ఒత్తిడి అంతా వచ్చి హెడ్‌లో కూర్చుంటుంది. టైర్లకు గాలి పట్టకపోయినా ఆ కంప్రెషర్ మాటిమాటికీ ఎందుకు లేవబోయేదో కూడా దీంతోనే తెలిసింది.

బిళ్లను శుభ్రం చేసి బిగించాక ‘తుస్స్’ రెండు సెకన్లకు ఆగింది. మోటారు లేచింది. పగలంతా బాగానే నడిచి సాయంత్రం మళ్లీ మూలిగింది.

ఈసారి కారణం కరెంటు కోత. కంప్రెషర్ మధ్యలో తిరుగుతుండగా కరెంటు పోతే ప్రెషర్ స్విచ్‌కు ఆ సంగతి తెలియదు. ట్యాంకు నిండలేదు కాబట్టి అది కదలదు, అన్‌లోడర్ తెరుచుకోదు. హెడ్‌లో గాలి అలాగే బిగుసుకుని ఉంటుంది. కరెంటు రాగానే మోటారు ఆ బరువు మీద లేవబోయి మొరాయిస్తుంది. ప్లగ్ లాగి ఆపినా, గోడ మీది స్విచ్ కట్టి ఆపినా ఇదే ఫలితం. అందుకే కంప్రెషర్‌ను ఎప్పుడూ ప్రెషర్ స్విచ్ మీద ఉండే నాబ్‌తోనే ఆపాలి. దాన్ని ఆఫ్‌కు తిప్పితే అన్‌లోడర్ కూడా తెరుచుకుంటుంది. కరెంటు పోయిన వెంటనే ఆ నాబ్‌ను ఆఫ్ చేసి, గాలి వదిలిందని విని, కరెంటు వచ్చాక ఆన్ చేస్తే చాలు. ఏ సామానూ మార్చక్కర్లేదు.

ఆఫ్ చేసినా చప్పుడే రాకపోతే ప్లగ్ తీసి మూత విప్పి, నాబ్ తిప్పుతూ చూడాలి. రేకు పిన్నును తాకుతోందా, పిన్ను నొక్కితే లోపలికి పోయి తిరిగి వస్తోందా అన్నది కంటికి కనబడుతుంది. దుమ్మూ ఆయిలూ కలిసి పిన్ను బిగుసుకుపోవడం మామూలే. అక్కడే కాంటాక్టులు కూడా చూడండి. అవి నల్లగా కాలి గుంటలు పడి ఉంటే మోటారుకు చేరే వోల్టేజి తగ్గుతుంది. ఆకురాయితో రుద్దితే నాలుగు రోజులు నడుస్తుందేమో గానీ స్విచ్ మార్చడమే మేలు. గాలి ఇంకొంచెం ఎక్కువ పట్టాలని సెట్టింగ్ నట్టును కంపెనీ చెప్పిన హద్దు దాటి బిగించకండి. సేఫ్టీ వాల్వ్ జోలికి అసలు పోకూడదు.

హెడ్ ఖాళీగా ఉన్నా మోటారు మూలుగుతుంటే అప్పుడు వస్తుంది కెపాసిటర్ వంతు. సింగిల్ ఫేజ్ మోటారుకు ఎటు తిరగాలో చెప్పేది స్టార్టింగ్ వైండింగ్, దానికి తోపు ఇచ్చేది స్టార్ట్ కెపాసిటర్. అది పూర్తిగా పోతే ఖాళీ ట్యాంకుతో కూడా లేవదు. సగం చచ్చిన కెపాసిటరే మనిషిని తికమక పెడుతుంది, ఖాళీ మీద లేస్తుంది, బరువు మీద లేవదు. ఉబ్బిందా, కారిందా అని చూసి వదిలేస్తే చాలదు, కెపాసిటీ కొలిచే మీటర్ పెట్టాలి. స్టార్ట్ కెపాసిటర్ మీద 100-120 అని ఉంటే 100 కన్నా తక్కువ చూపినది పనికిరాదు. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్, అంతే వోల్టు లేదా ఎక్కువ వోల్టుది వేయాలి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ కలిపి ‘టప్’ మనిపించడం అలవాటైన ప్రమాదం. రెసిస్టర్‌తో ఖాళీ చేయించాలి, చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి. మోటారు ఆగుతూ నెమ్మదించేటప్పుడు లోపల ‘టిక్’ మని వినిపిస్తే సెంట్రిఫ్యూగల్ స్విచ్ వెనక్కి వచ్చినట్టు. ఆ చప్పుడు లేకపోతే కెపాసిటర్ కొత్తదైనా ప్రయోజనం లేదు. త్రీ ఫేజ్ మోటారైతే ఈ కెపాసిటర్ గొడవే ఉండదు, అది మూలిగితే ముందు ఒక ఫేజ్ పోయిందేమో చూడాలి.

ఇక వైరు. మోటారు లేచే బలం వోల్టేజి వర్గంతో మారుతుంది, 230 ఉండాల్సిన చోట 184 వస్తే బలం 64 శాతానికి పడిపోతుంది. ఆ టైర్ల షాపుకు మీటర్ బోర్డు నుంచి దాదాపు 30 మీటర్ల దూరం ఉంది, వేసింది 1.5 స్క్వేర్ రాగి వైరు. నడిచేటప్పుడు 10 యాంపియర్లకు ఆ వైరులో పోయేది 7 వోల్టులే, ఎవరికీ తెలియదు. లేచేటప్పుడు 50 యాంపియర్లకు 36 వోల్టుల దాకా పోతాయి. 4 స్క్వేర్ వేస్తే ఆ నష్టం 14కు దిగుతుంది. మెకానిక్ చివరగా చెప్పింది ఆ వైరు మార్చమనే. వేసవి సాయంత్రాలు లైన్ వోల్టేజే తగ్గుతుంది కాబట్టి అప్పుడు తెలుస్తుంది తేడా అన్నాడు. షాపాయన వైరు రేటు అడిగి, కెపాసిటర్లకు పోసిన డబ్బు లెక్కేసుకుని, మర్నాడే మార్పించాడు.